దరఖాస్తు ఇచ్చిన తర్వాత



ఎవరి జ్ఞాపకంగా మనం ఇవాళ కూర్చున్నామో ఆ పెద్దసారు, కొత్త కక్షిదారు వచ్చి కూర్చోగానే అడిగే మొదటి మాట ఒకటే: "ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు ఏది?" చాలామంది దగ్గర అది ఉండేది కాదు. "ఠాణాల దరఖాస్తు ఇచ్చినం సార్, ఎస్సై సారు తీసుకున్నడు" అనేవాళ్ళు. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, దరఖాస్తు ఇవ్వడానికీ కేసు కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఓపికగా చెప్పేవారు. ఆ దూరమే నా ఉపన్యాస విషయం. ఇంతవరకు పోలీస్ స్టేషన్ మెట్లెక్కని మనిషి, ఎక్కక తప్పని రోజు వచ్చినప్పుడు, తన కాగితం ఛార్జిషీటు అయ్యేదాకా ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎక్కడ తన మాటకు బలం ఉంటుందో చెప్పాలని నా ప్రయత్నం.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎక్కువగా కనిపించే తగాదానే ఉదాహరణగా తీసుకుంటాను. మనుషులు కల్పితం, సంగతి మాత్రం మీకందరికీ తెలిసిందే. తొలకరికి ముందు ఒక రైతు దుక్కి దున్నిస్తున్నాడు. ట్రాక్టరు గెట్టు మీదికి వచ్చిందని పక్క చెలక రైతు, అతని కొడుకు గొడవకు దిగారు. కొడుకు పార కామతో కొట్టాడు. మన రైతు ఎడమ ముంజేతి ఎముక విరిగింది. చూసినవాళ్ళు ఇద్దరు: అతని భార్య, ట్రాక్టరు డ్రైవరు.

కేసు చెడిపోవడం చాలాసార్లు పోలీస్ స్టేషన్‌కు చేరకముందే మొదలవుతుంది. చెయ్యి వాచింది కదా అని ఊళ్ళోని ఆర్‌.ఎం.పీ. దగ్గరికి పోతారు. ఆయన సూది వేసి కట్టు కడతాడు. పెద్దమనుషులు రేపు కూర్చుని మాట్లాడదాం అంటారు. మూడోరోజు నొప్పి ఆగక సర్కారు దవాఖానకు పోతే, డాక్టరు "ఎట్ల తగిలింది?" అని అడుగుతాడు. కేసుల గొడవ ఎందుకని మన రైతు "గెట్టు మీద జారిపడ్డ" అంటాడు. ఆ ముక్క మెడికో లీగల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. రెండేళ్ళ తర్వాత కోర్టులో అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఆ ముక్క మీదే ఉంటుంది.

అందుకని గాయం ఉన్నప్పుడు ముందు సర్కారు దవాఖాన, అక్కడ నిజమైన మాట. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. దెబ్బల కేసు వచ్చిందని దవాఖాన నుంచి స్టేషన్‌కు కబురు పోతుంది. మనిషి మంచం మీద ఉంటే పోలీసులే వచ్చి వాంగ్మూలం రాసుకుంటారు, ఆ వాంగ్మూలం మీదనే కేసు కడతారు. ఎక్స్‌రే ఫిల్మును బీరువాలో దాచినట్టు దాచాలి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. భారతీయ న్యాయ సంహితలో దానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. విరగకుండా కమిలిపోతే, ఆయుధం కూడా లేకపోతే, అది మామూలు దెబ్బ. అలాంటి నేరంలో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. డైరీలో రాసుకుని ఫిర్యాదుదారును కోర్టుకు పొమ్మనడం అక్కడ చట్టబద్ధమే. ఒకే గొడవ దర్యాప్తుకు నోచుకుంటుందా లేదా అన్నది ఒక్కోసారి ఆ ఎక్స్‌రే మీద ఆధారపడుతుంది. రక్తం అంటిన అంగీని ఉతకవద్దు. ఆడవాళ్ళు అలవాటుగా నానబెట్టేస్తారు, ఇది ముందే ఇంట్లో చెప్పి ఉంచాలి.

ఇక దరఖాస్తు. దాన్ని ఎవరైనా రాయవచ్చు, మీరు నోటితో చెప్పినా స్టేషన్‌లో రాసుకుని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. తేదీ, వేళ, సర్వే నంబరుతో సహా చోటు, ఎవరు, దేనితో, ఒంటి మీద ఎక్కడ కొట్టారు, ఎవరు చూశారు. ఇవి ఉంటే ఒక పేజీ చాలు. ఆలస్యమైతే ఎందుకైందో అందులోనే ఒక వాక్యం రాయాలి. కారణం చెప్పిన ఆలస్యాన్ని కోర్టులు అర్థం చేసుకుంటాయి. కారణం లేని ఆలస్యంలో అవతలివాళ్ళు కట్టుకథను వెతుకుతారు.

రెండు తప్పులు మాత్రం మన వైపు పదేపదే జరుగుతున్నాయి, వాటి మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదటిది, కోపంలో అవతలి ఇంటిల్లిపాదినీ ఇరికించడం. కొట్టింది కొడుకు, పక్కన ఉన్నది తండ్రి. దరఖాస్తులో మాత్రం తల్లి, కోడలు, హైదరాబాదులో ఉద్యోగం చేసే చిన్నకొడుకు కూడా చేరతారు. ఆ చిన్నకొడుకు ఆరోజు హైదరాబాదులో ఉన్నాడని హాజరు పట్టీ బయటపడిందంటే, మిగిలిన మాటలన్నిటి మీదా నీడ పడుతుంది. నిజంగా కొట్టినవాడు ఆ నీడలోంచి తప్పించుకుంటాడు. రెండోది, తాతల నాటి భూమి చరిత్ర అంతా రాయడం. పట్టా, పాసుబుక్కు, సర్వేలో వచ్చిన తేడా, అన్నీ నాలుగు పేజీలు రాసి, చివర రెండు లైన్లలో దెబ్బ సంగతి పెడతారు. చదివిన ఎస్సై ఇది సివిల్ తగాదా అని పక్కన పెట్టడానికి మనమే దారి చూపినట్టవుతుంది. భూమి ఎవరిదన్నది సివిల్ కోర్టు తేలుస్తుంది. పోలీసులకు కావలసింది ఆ పొద్దున చెలకలో ఏం జరిగిందన్నదే.

దరఖాస్తు లోపలికి పోయాక ఏం జరగాలి? 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత నడుస్తోంది. అందులో 173వ సెక్షన్ మనకు ముఖ్యం. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌.ఐ.ఆర్‌. నమోదు చేయాలి, నకలును ఫిర్యాదుదారుకు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. కొత్త చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. మూడేళ్ళు, అంతకుమించి, కానీ ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, డి.ఎస్‌.పి. అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసి చూడవచ్చు. మన రైతు చెయ్యి విరిగింది. ఏడేళ్ళ దాకా శిక్ష ఉన్న నేరం అది, కాబట్టి ఈ 14 రోజుల గడువు అక్కడ వర్తించదు.

ఆచరణలో మాత్రం స్టేషన్‌లో మరొక పద్ధతి కనిపిస్తుంది. దరఖాస్తును పిటిషన్‌గా తీసుకుని, అవతలివాళ్ళను పిలిపించి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడిస్తారు. కొన్ని చిన్న తగాదాలు నిజంగానే అక్కడ సర్దుకుంటాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఎముక విరిగిన చోట ఈ మాటలతో గడిచే ప్రతి రోజూ సాక్ష్యం అరిగిపోయే రోజే. పార కామ కనబడకుండా పోతుంది, డ్రైవరు వేరే ఊరికి పనికి పోతాడు. మీ దరఖాస్తు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఒకే గుర్తు ఉంది. మీ చేతిలో క్రైం నంబరు ఉందా? ఆ ఏడాది సంఖ్యతో కలిపి, సెక్షన్లతో కలిపి, ఎఫ్‌.ఐ.ఆర్‌. మీద ఉంటుంది. రసీదు మీది నంబరు అది కాదు. క్రైం నంబరు లేదంటే కేసు లేదు.

ఇక్కడ మన ప్రాంతం మరిచిపోలేని ఒక రాత్రి గురించి చెప్పాలి. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గరి తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. దిశ అన్న పేరుతో దేశమంతా తెలిసిన కేసు అది. కుటుంబం వెతుక్కుంటూ పోలీసుల దగ్గరికి పోతే, ఇది మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కు పొండి అన్నారు. మర్నాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద శవం దొరికింది. షాద్‌నగర్ 2016 దాకా మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఎఫ్‌.ఐ.ఆర్‌. నమోదులో జాప్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేశారు. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ కేసులో ఎవరు ఏం చేశారన్నది కోర్టులో సాక్షుల ముందు తేలే అవకాశం అక్కడితో పోయింది. ఒక తండ్రి స్టేషన్ గుమ్మంలో నిలబడిన ఆ వేళ మీద నాకు ఇప్పటికీ బాధ తీరలేదు.

పరిధి అన్న మాట ఇప్పుడు చట్టంలో అడ్డు కాదు. నేరం ఎక్కడ జరిగినా సరే, ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చని 173వ సెక్షన్ స్పష్టంగా రాసింది. దీన్నే జీరో ఎఫ్‌.ఐ.ఆర్‌. అంటారు. సున్నా నంబరుతో నమోదు చేసి, అసలు స్టేషన్‌కు వాళ్ళే పంపాలి. మన పాత రెండు జిల్లాలు 2016లో ముక్కలై సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అయ్యాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. ఊరు ఒక జిల్లా, చెలక ఒక జిల్లా అయినవాళ్ళు మీలోనే ఉంటారు. మీ స్టేషన్ ఏదో తేల్చుకుంటూ రోడ్డు మీద తిరగవద్దు. దగ్గరిదానికి పొండి.

నమోదు చేయకపోతే? ఫిర్యాదు సారాంశాన్ని రాసి, రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపాలి. పోస్టు రసీదు, నకలు దాచుకోవాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర, అఫిడవిట్‌తో సహా, దర్యాప్తుకు ఆదేశించమని దరఖాస్తు వేయవచ్చు. ఎస్పీకి పంపకుండా నేరుగా కోర్టుకు పోతే అది నిలవదు. నేరుగా కలిసి ఇచ్చినా సరే, పోస్టు కాగితం కూడా ఉండాలి. మేజిస్ట్రేటు అడిగేది ఆ కాగితాన్నే.

ఎఫ్‌.ఐ.ఆర్‌. అయిందనుకుందాం. ఇక్కడి నుంచి కేసు మీది కాదు, రాజ్యానిది. మీరు అందులో ఒక సాక్షి. ఇది చాలామందికి మింగుడుపడదు. దర్యాప్తు అధికారి వచ్చి చెలక చూస్తాడు, ఇద్దరు పంచుల ముందు నేరస్థల పంచనామా రాస్తాడు, చేతితో ఒక పటం గీస్తాడు. కొత్త చట్టం ప్రకారం సోదాను, స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని కూడా చట్టం చెప్తోంది. దీని అమలుకు రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువు ఇచ్చారు, అందుకని అన్ని చోట్లా రాకపోవచ్చు. మీరు చేయవలసింది ఒక్కటే. దున్నడం ఆపి ఆ జాగను అట్లాగే ఉంచండి.

తర్వాత సాక్షుల వాంగ్మూలాలు. భార్యను స్టేషన్‌కు తీసుకురండి అని ఎవరైనా అంటే, ఆడమనిషి వాంగ్మూలం ఆమె ఉండే చోటే తీసుకోవాలని చట్టంలో ఉందని గౌరవంగా చెప్పండి. 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 60 దాటిన పెద్దలకు, వికలాంగులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకు కూడా అంతే. పోలీసులు రాసుకునే ఈ వాంగ్మూలాల మీద సాక్షి సంతకం పెట్టకూడదు. పెట్టమంటే వద్దనాలి. కానీ చదివి వినిపించమని అడగండి. ఎడమ చెయ్యి అని చెప్తే కుడి చెయ్యి అని, పార కామ అంటే కర్ర అని పడటం అరుదేం కాదు. ఆ తేడాను ఆరోజే సరిచేయిస్తే అయిదు నిమిషాల పని. ఆరోజు వదిలేస్తే సాక్షిపెట్టెలో భార్య ఒక మాట, కాగితం ఒక మాట చెప్తుంది.

దవాఖాన నుంచి గాయాల సర్టిఫికెట్ వచ్చినప్పుడు సెక్షన్లు మారవచ్చు. ఎఫ్‌.ఐ.ఆర్‌.లో మామూలు గాయం అని పడి ఉంటే, ఎముక విరిగిందని తేలాక దర్యాప్తు అధికారి కోర్టుకు మెమో పంపి సెక్షన్ మారుస్తాడు. ఎఫ్‌.ఐ.ఆర్‌.లో చిన్న సెక్షన్ పెట్టారని మొదటిరోజే కొట్లాడవలసిన పని లేదు. సర్టిఫికెట్ దవాఖాన నుంచి స్టేషన్‌కు చేరిందా అని మాత్రం అడుగుతూ ఉండాలి. ఎక్స్‌రే నివేదిక లేక సర్టిఫికెట్ ఆగిపోవడమే కేసు ఆలస్యమవడానికి పెద్ద కారణం.

అరెస్టు దగ్గర మరో అపోహ ఉంది. నిందితుడు మర్నాడే ఊళ్ళో కనబడితే "పైసలు తిని వదిలేసిండ్రు" అంటారు. ఏడేళ్ళు, అంతకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో కారణం లేకుండా అరెస్టు చేయకూడదు, నోటీసు ఇచ్చి పిలవాలి. సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. నోటీసు అంటే విడుదల కాదు, కేసు నడుస్తూనే ఉంటుంది. అతను మీ సాక్షులను బెదిరిస్తే అది వేరే సంగతి. ఆ బెదిరింపు తేదీ, వేళ రాసి వెంటనే స్టేషన్‌లో ఇవ్వండి, అరెస్టుకు అదే కారణమవుతుంది. అవతలివాళ్ళు కూడా మీ మీద కేసు పెడతారు, దానికి సిద్ధంగా ఉండండి. గెట్టు తగాదాల్లో ఎదురు కేసు దాదాపు రివాజు. దానికి భయపడి మీ కేసును వదులుకోకండి. రెండు కేసులనూ ఒకే అధికారి చూడడం మంచిది.

ఎఫ్‌.ఐ.ఆర్‌. అయిన 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలని కొత్త చట్టం బాధ్యత పెట్టింది. ఫోన్‌కు మెసేజ్ రావచ్చు. అందుకని దరఖాస్తులో మీ సొంత నంబరు ఇవ్వండి. రాసిపెట్టినవాళ్ళ నంబరు ఇస్తే కబురు వాళ్ళకే పోతుంది. నిందితుడు జైల్లో ఉంటే 60 లేక 90 రోజుల లెక్క మరొకటి ఉంది. ఆలోగా ఛార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. తొంభై రోజులు దాటితే కేసే పోయిందని ఊళ్ళల్లో నమ్ముతారు, అది తప్పు. పోయేది నిర్బంధం, కేసు కాదు.

మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసు ఇందుకు పెద్ద సాక్ష్యం. 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యతో దవాఖాన నుంచి బయటికి వస్తుండగా ఆ దళిత యువకుణ్ణి పట్టపగలు నరికారు. కెమెరాలో దృశ్యం ఉంది. హంతకుణ్ణి కొద్దిరోజుల్లోనే బిహార్ నుంచి పట్టుకొచ్చారు. అయినా ఛార్జిషీటు వచ్చింది 2019 జూన్‌లో, దాదాపు 1600 పేజీలతో, ఎనిమిది మంది నిందితులతో. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నియమాలు 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలంటున్నా తొమ్మిది నెలలు పట్టింది. కత్తి ఎత్తినవాణ్ణి కెమెరా చూపిస్తుంది. ఎత్తించినవాణ్ణి చూపించదు. కిరాయి హత్యలో ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, డబ్బు ఎట్లా చేతులు మారింది అన్న గొలుసును లంకె తెగకుండా కాగితం మీద నిలబెట్టాలి. ఆ ఛార్జిషీటు మీదనే నల్లగొండలోని ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పింది. హంతకుడికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. ప్రధాన నిందితుడైన మామ 2020లోనే చనిపోయాడు. ఆరున్నరేళ్ళు తిరిగిన ఆ తల్లిదండ్రుల ఓపికను నేను చేతులెత్తి గౌరవిస్తాను. ఆలస్యాన్ని మాత్రం సమర్థించను.

మన రైతు కేసు అంత పెద్దది కాదు. అతని ఛార్జిషీటులో నిందితుల పేర్లు, సెక్షన్లు, సాక్షుల జాబితా, జతచేసిన కాగితాలు ఉంటాయి. అది కోర్టులో పడగానే పని అయినట్టు కాదు. కోర్టు సిబ్బంది సరిచూసి, ఏదైనా తక్కువైతే వెనక్కి పంపుతారు. సరిగా ఉండి మేజిస్ట్రేటు స్వీకరిస్తే సి.సి. నంబరు పడుతుంది. సెషన్స్ కోర్టుకు పోవలసిన పెద్ద నేరమైతే ముందు పి.ఆర్‌.సి. నంబరు పడుతుంది. "ఛార్జిషీటు వేసినం" అని స్టేషన్‌లో చెప్తే, సి.సి. నంబరు ఎంత అని అడగండి. నంబరు పడకుండా నెలల తరబడి స్టేషన్‌కూ కోర్టుకూ మధ్య తిరిగే ఛార్జిషీట్లు ఉన్నాయి. మూడేళ్ళ దాకా శిక్ష ఉన్న చిన్న నేరాల్లో మాత్రం నమోదులోనే ఆలస్యం ప్రమాదం. ఏడాది దాకా శిక్ష ఉంటే ఒక ఏడాది, మూడేళ్ళ దాకా ఉంటే మూడేళ్ళు దాటాక నమోదైన కేసును కోర్టు మామూలుగా తీసుకోదు. చెయ్యి విరిగిన కేసుకు ఆ గడువు లేదు, ఎక్స్‌రే విలువ ఇక్కడ కూడా తెలుస్తుంది.

చివరిగా, అసలు ఛార్జిషీటే రాని దారి. దర్యాప్తు చేసి, సాక్ష్యం లేదని, సివిల్ తగాదా అని, పొరపాటున పెట్టిన కేసని తుది నివేదిక వేసి మూసేయవచ్చు. అప్పుడు మీకు నోటీసు వస్తుంది. కానిస్టేబుల్ తెచ్చి సంతకం పెట్టమంటాడు. చదవకుండా పెట్టేవాళ్ళే ఎక్కువ. చదువురాకపోతే చదివించుకుని, అందిన తేదీ మీ చేత్తో వేసి, ఒక ప్రతి ఉంచుకోండి. ఫిర్యాదుదారుకు చెప్పి, అతని మాట వినకుండా మేజిస్ట్రేటు కేసు మూయకూడదని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో తేల్చింది. మీరు ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చు. అందులో కోపం పనికిరాదు. డ్రైవరును విచారించలేదు, ఎక్స్‌రే నివేదిక తెప్పించలేదు, పార కామ స్వాధీనం చేసుకోలేదు అని, జరగని పనిని ఒక్కొక్కటిగా చూపాలి. దాన్ని చూసి మేజిస్ట్రేటు మళ్ళీ దర్యాప్తు చేయమనవచ్చు, ఉన్న కాగితాల మీదనే కేసు తీసుకోవచ్చు, లేదా మిమ్మల్నీ మీ సాక్షులనూ పిలిచి ప్రమాణం చేయించి తానే వాంగ్మూలం రాసుకోవచ్చు. ఆ రోజు కోర్టుకు పోయేటప్పుడు ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు, ఎస్పీకి పంపిన పోస్టు రసీదు, ఎక్స్‌రే ఫిల్ము, ఆ నోటీసు తీసుకుని, డ్రైవరును వెంటబెట్టుకుని పొండి.